తెర తీసిన తర్వాత

మొదటి సంవత్సరం పిల్లల కోసం నేను రాసిన హ్యాండౌట్ ఆరు పేజీలు. అందులో అయిదు పేజీలు బాగున్నాయని ఇప్పటికీ అంటాను. మిగిలిన ఆ ఒక్క పేజీ, అందులోనూ ఒక్క వాక్యం, ఒక మనిషి బతుకులో చివరి అవకాశాన్ని దాదాపు మింగేసింది. ఆ మనిషి గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా గురించి ఎక్కువ రాస్తే నాకే పరువు తక్కువ.

హ్యాండౌట్ ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, మా పిల్లలు నిజ ప్రతిబింబం అంటే నిజంగా ఉండేదనీ, మిథ్యా ప్రతిబింబం అంటే మిథ్యగా ఉండేదనీ పరీక్షలో రాసి, అయిదు మార్కులు రానందుకు నా మీద అలిగేవాళ్లు. నేర్చుకోవడానికి పుస్తకంలో బాణాలూ గీతలూ తప్ప ఇంకేమీ లేవు. అందుకని వాళ్లు రోజూ చూసేవే తీసుకున్నాను. స్నానాల గదిలో అద్దం, సినిమా హాలు, బండికి ఉండే పక్క అద్దం, పళ్ల డాక్టరు నోట్లో పెట్టే చిన్న అద్దం, పేపరు చదవడానికి మా అత్తగారు వాడే భూతద్దం. వెలుగు కిరణాలు నిజంగా వచ్చి ఒక చోట కలిస్తే అక్కడ ఏర్పడేది నిజ ప్రతిబింబం. కిరణాలు అక్కడ కలవకపోయినా, అక్కడి నుంచే వస్తున్నట్టు మన కంటికి అనిపిస్తే అది మిథ్యా ప్రతిబింబం. ఇంత వరకూ చక్కగా రాశాను. బొమ్మలు కూడా నేనే వేశాను.

మా హెచ్‌ఓడీ గారికి అది తెగ నచ్చింది. ఆయన చదువుకున్నదీ పరిశోధన చేసిందీ ఎలక్ట్రానిక్స్. లెన్సును చేత్తో ముట్టుకుని ఇరవై ఏళ్లయి ఉంటుంది. మనిషి మాత్రం నిక్కచ్చి. ఆయన దగ్గర జాలీ పనిచేయదు, సిఫార్సూ పనిచేయదు. హ్యాండౌట్ చదివి, మూడొందల కాపీలు కొట్టించమన్నారు. అంతటితో ఆగకుండా, "డెమాన్‌స్ట్రేటర్ పోస్టుకి ఓరల్ టెస్టు ఉంది కదమ్మా. ప్రశ్నలన్నీ ఇందులోంచే అడుగుదాం. జవాబుల కీ కూడా నువ్వే తయారు చెయ్యి" అన్నారు. నేను ఆ రోజు నేల మీద నడవలేదు.

ఆ పోస్టుకి పెట్టుకున్నది ఒక్కరే. మా ల్యాబ్ అసిస్టెంటు. కాలేజీ మొత్తం ఆయన్ని ఆపరేటర్ గారు అనే పిలుస్తుంది. పందొమ్మిదేళ్ల క్రితం ఇక్కడ చేరక ముందు సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవారు. పొట్టి మనిషి, జేబులో ఎప్పుడూ మెత్తటి గుడ్డ ముక్క ఒకటి ఉంటుంది, మాట మెల్లగా వస్తుంది. డబ్బాలో కలిసిపోయిన లెన్సులు ఇస్తే, కిటికీ దగ్గర నిలబడి, బయటి చెట్టు బొమ్మను తలకిందులుగా అరచేతి మీదికి తెచ్చుకుని, "ఇది ఇరవై, ఇది పదిహేను" అని ఫోకల్ దూరాలు సెంటీమీటర్లలో చెప్పి వేరు చేసేస్తారు. తర్వాత మేం స్కేలు పెట్టి కొలిస్తే అర సెంటీమీటరు కూడా తేడా ఉండదు. అది చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది. ముచ్చటపడి ఊరుకునేదాన్ని.

ల్యాబ్ అసిస్టెంటు క్లాసులో పాఠం చెప్పకూడదు. అది రూలు. పరికరాలు అమర్చాలి, పక్కకు తప్పుకోవాలి. పిల్లలు ఏదైనా అడిగితే "మేడం చెప్తారు" అని బీరువా అవతలికి వెళ్లిపోయేవారు. ఒకసారి ఒక అమ్మాయి పిన్నులతో లెన్సు ప్రయోగం చేస్తూ, ప్రతిబింబం ఎంత వెతికినా దొరక్క, ఏడుపు ముఖం పెట్టింది. ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ పిల్ల స్టూలును రెండడుగులు వెనక్కి లాగి వెళ్లిపోయారు. ఆమెకు దొరికింది. డెమాన్‌స్ట్రేటర్ అయితే బల్లకు అవతలి పక్క నిలబడి చెప్పొచ్చు. ఆయనకు కావలసింది అదొక్కటే. కానీ ఈ ఏడాది దాటితే ఆ పోస్టుకి వయసు దాటిపోతుంది.

టెస్టు రెండు రోజులుందనగా ఆయన, ప్రశ్నలన్నీ ఇందులోంచే అని చెప్పి ఆఫీసు ఇచ్చిన హ్యాండౌట్ పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చారు. నేను అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చిన కట్టలు లెక్కపెట్టుకుని మురిసిపోతున్నాను.

"మేడం, చాలా బాగా రాశారు. అద్దం సంగతి చదువుతుంటే నాకే కొత్తగా అనిపించింది."

"థాంక్సండీ."

"నాలుగో పేజీలో ఒక్క ముక్క ఉంది మేడం. 'నిజ ప్రతిబింబం తెర మీదే ఏర్పడుతుంది. సినిమా హాల్లో తెర తీసేస్తే ప్రతిబింబం ఉండదు' అని."

"అవును. అయితే?"

"తెర తీసేసినా ఉంటుందేమో మేడం."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. మూడొందల కాపీలు ఎదురుగా ఉన్నప్పుడు అది ముక్కు దాటి బయటికి కూడా వస్తుంది.

"తెర తీసేస్తే ఎక్కడ కనిపిస్తుందండీ? గాల్లోనా? మీరు హాల్లో ఎన్ని వేల ఆటలు వేశారో నాకు తెలియదు గానీ, ఆ అనుభవం వేరు, సిద్ధాంతం వేరు. థియరీ నాకు వదిలేయండి."

ఆయన ఆ కాగితాలు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు. "సరే మేడం" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. నాకు కాస్త కోపం వినిపించి ఉంటే బాగుండేది, అప్పుడైనా ఆలోచించేదాన్ని.

ఆ వాక్యం ఎక్కడిదో చెప్పనివ్వండి. నేను చదువుకునేటప్పుడు మా మాస్టారు చెబితే రాసుకున్నది. ఆయన ఎవరి దగ్గర రాసుకున్నారో ఆయనకే తెలియాలి. నిజ ప్రతిబింబాన్ని తెర మీద పట్టొచ్చు అన్న మంచి మాట, చేతులు మారి మారి, తెర మీదే పుడుతుంది అన్న మాటగా తయారైంది. నేను దాన్ని ఒక్కసారి కూడా ఆపి ప్రశ్నించలేదు.

సాయంత్రం ఇంట్లో మా అత్తగారు సోఫాలో కూర్చుని భూతద్దం పెట్టి నా హ్యాండౌట్ చదివారు. ఆవిడ పేరు లేదు గానీ ఆవిడ భూతద్దం అందులో ఉంది కదా, ఆ గర్వంతో ఆరు పేజీలూ చదివారు.

"అమ్మాయ్, తెర లేకపోతే బొమ్మ ఉండదన్నావు. మరి ఆ వెలుతురంతా ఏమైపోతుంది?"

"ముందుకు పోయి వెనక గోడ మీద పడుతుంది అత్తయ్యా."

"అంటే తెర ఉండే చోటు దాటే పోవాలిగా? దాటేటప్పుడు అక్కడ ఏమీ అవదా?"

"మీరు ముందు కాఫీ తాగండి" అన్నాను. నాకు జవాబు తెలియదని అప్పుడైనా గుర్తించాల్సింది. కాఫీ చల్లారిపోతోందన్న సంగతే గుర్తించాను.

టెస్టు రోజు పదకొండు గంటలకి హెచ్‌ఓడీ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఆయన, నేను, బయటి డిపార్ట్‌మెంటు నుంచి ఒకరుండాలన్న రూలు ప్రకారం వచ్చిన కెమిస్ట్రీ మేడం. ఆవిడకు నవ్వు ఎక్కువ, ఫిజిక్స్ తక్కువ. ఆ రెండూ ఆవిడే చెప్పుకుంటారు. ప్రశ్నలు పది. ఎనిమిది సరిగ్గా చెబితే పోస్టు. ఏడు చెబితే లేదు. హెచ్‌ఓడీ గారు కీ ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను మూత తీశారు.

ఆపరేటర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కుర్చీ అంచున కూర్చున్నారు.

మొదటి రెండు ప్రశ్నలూ సూత్రాల మీద. గుర్తులు ఎప్పుడు ప్లస్సు, ఎప్పుడు మైనస్సు అన్నచోట తడబడ్డారు. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు. మూడోది చెప్పేశారు. నాలుగోది లెక్క. అదీ పోయింది. ఇక మిగిలినవన్నీ సరిగ్గా చెప్పాలి.

కానీ అద్దం దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కాస్త వెనక్కి జరిగి కూర్చున్నారు.

"అద్దంలో మన బొమ్మ ఎక్కడుంది?" అని హెచ్‌ఓడీ గారు అడిగారు.

"అద్దం వెనకాల సార్. మనం ఎంత ముందుంటే అది అంత వెనక."

"వెనక్కి వెళ్లి కాగితం పెడితే దాని మీద పడుతుందా?"

"పడదు సార్. వెలుగు అసలు అద్దం వెనక్కి వెళ్లదు. తగిలి మన వైపు తిరిగి వస్తుంది. అక్కడి నుంచి వస్తున్నట్టు మన కంటికి తోస్తుంది, అంతే."

"మరి లేని దాన్ని ఫోటో ఎలా తీస్తున్నారు పిల్లలు? పొద్దస్తమానం అద్దాల ముందు అదే పని."

"లేకపోవడం కాదు సార్. అద్దం నుంచి వచ్చే వెలుగు నిజమే. దాన్ని మన కంట్లో లెన్సు ఎలా పోగు చేస్తుందో కెమెరా లెన్సూ అలాగే పోగు చేస్తుంది. కాకపోతే దూరం చూసుకోవాలి. మనం అద్దానికి మీటరు దూరంలో ఉంటే కెమెరా ఫోకస్‌ని రెండు మీటర్లకి పెట్టుకోవాలి. అద్దం ఉన్న మీటరుకి పెడితే అద్దం మీద దుమ్ము బాగా వస్తుంది, మన ముఖం మసగ్గా వస్తుంది."

ఇది నా హ్యాండౌట్‌లో లేదు. ఉండాల్సింది. కెమిస్ట్రీ మేడం తన ఫోన్ తీసి చూసుకున్నారు, ఇంట్లో అద్దం ముందు తీసుకున్న ఫోటోలు గుర్తొచ్చాయేమో.

పక్క అద్దం, పళ్ల డాక్టరు అద్దం, భూతద్దం, సినిమా రీలు తలకిందులుగా ఎందుకు ఎక్కిస్తారు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఇంట్లో వస్తువుల గురించి చెప్పినట్టు చెప్పారు. తొమ్మిది ప్రశ్నలయ్యాయి. ఏడు ఒప్పులు. ఇంకొక్కటి కావాలి. పదో ప్రశ్న ఏదో నాకు తెలుసు, కీ రాసింది నేనే కదా. అయినా ఆ క్షణం దాకా గుర్తు రాలేదు.

"సినిమా హాల్లో తెర తీసేశాం. నిజ ప్రతిబింబం ఉంటుందా, ఉండదా?"

ఆపరేటర్ గారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చచ్చిపోయేదాన్ని. ఆ హ్యాండౌట్ ఆయన జేబులోనే ఉంది, నాలుగో పేజీ ఆయనకు కంఠతా వచ్చు. ఒక్క మాట, ఉండదు సార్ అంటే చాలు. ఆయన చొక్కా చేతుల్ని కాస్త సర్దుకుని, చాలా నెమ్మదిగా చెప్పారు.

"ఉంటుంది సార్."

"ఆలోచించి చెప్పండి."

"ఆలోచించే చెప్తున్నాను సార్. ఉంటుంది."

హెచ్‌ఓడీ గారు కీ చూశారు, ఆయన్ని చూశారు. ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టారు. ఆయనకు బాధగానే ఉంది, అది కనిపించింది. కానీ పెట్టారు.

అప్పుడు నాకు ఆ స్టూలు గుర్తొచ్చింది. ఏడుపు ముఖం పెట్టిన ఆ పిల్ల పిన్నులతో చేసిన ప్రయోగంలో తెర ఎక్కడుంది? లెన్సుకి అటువైపు ఒక పిన్ను, ఇటువైపు ఇంకో పిన్ను. మొదటి పిన్ను ప్రతిబింబం గాల్లో తలకిందులుగా నిలబడితే, రెండో పిన్నును తెచ్చి దాని మొనకు మొన కలుపుతాం. ఎన్నేళ్లుగానో ఏటా నూటయాభై మంది పిల్లలు మా ల్యాబులో తెర లేని నిజ ప్రతిబింబాన్ని కళ్లతో చూసి, రికార్డులో దూరాలు రాసి, నా చేత సంతకం పెట్టించుకుంటున్నారు. ఒక బల్ల మీద అది చేయిస్తూ, పక్క బల్ల మీద తెర లేకపోతే ఉండదని చెబుతున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

"సార్, ఆగండి" అన్నాను. "కీ తప్పు. ఆయన చెప్పిందే రైటు. తప్పు రాసింది నేను."

హెచ్‌ఓడీ గారు పెన్ను కింద పెట్టి నా వైపు చూశారు.

"అమ్మా, నిన్నటి దాకా ఇది రైటని మూడొందల కాపీలు కొట్టించావు. ఇవాళ ఒక్క మార్కు తక్కువయ్యేసరికి తప్పయిందా? ఆయనంటే నాకూ గౌరవమే. జాలితో మార్కులు వేస్తే రేపు నన్ను అడిగేవాళ్లకి ఏం చెప్పను?"

నేను నమ్మదగిన సాక్షిని కాదు మరి. మనిషి తన తప్పు ఒప్పుకుంటే వెంటనే మెచ్చుకుంటారని అనుకుంటాం, అంత తేలిక కాదు.

ఆపరేటర్ గారు లేచి నిలబడ్డారు. "సార్, మేడం మాటా వద్దు, నా మాటా వద్దు. డార్క్ రూముకి వస్తే అయిదు నిమిషాల్లో చూపిస్తాను. కనబడకపోతే ఆ ఇంటూ అలాగే ఉంచండి."

"పదండి" అన్నారు హెచ్‌ఓడీ గారు. ఆయనలో నాకు నచ్చేది అదే. నమ్మరు, కానీ చూడటానికి వస్తారు.

డార్క్ రూములో నల్ల కర్టెన్లు, పాత చెక్క వాసన. ఆపరేటర్ గారు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచారు. బల్ల మీద లైటు పెట్టి, దాని ముందు గరుకు గాజు, ఆ ముందు బాణం ఆకారంలో చిన్న కంత ఉన్న అట్ట నిలబెట్టారు. ఇరవై సెంటీమీటర్ల లెన్సు తీసి, జేబులో గుడ్డతో తుడిచి, అట్టకు నలభై సెంటీమీటర్ల దూరంలో బిగించారు. లెన్సుకి ఇటుపక్క ఇంకో నలభై దగ్గర తెల్ల అట్ట పెట్టగానే దాని మీద బాణం తలకిందులుగా, అచ్చం అంతే పొడవుతో, అంచులు గీసినంత స్పష్టంగా వచ్చింది. ఆయన చేతులు ఎక్కడా ఆగలేదు, వెతకలేదు. అన్ని ఎత్తులూ ఒక వరసలో ఉన్నాయి. చూస్తూ నిలబడ్డాను.

"ఇది తెర మీద బొమ్మ. ఇప్పుడు తెర తీసేస్తున్నాను సార్."

అట్ట తీసేశారు. హెచ్‌ఓడీ గారు ముందుకు వంగి, అట్ట ఉన్న చోటే కన్ను పెట్టారు.

"ఏమీ లేదు. కంట్లో వెలుతురు కొడుతోంది."

"అది బొమ్మ ఉన్న చోటు సార్. పేపరు కళ్లకి ఆనించి చదవలేం కదా. ఒక అడుగు వెనక్కి రండి. ఒక కన్ను మూసుకుని, లెన్సుకి ఎదురుగా చూడండి."

కెమిస్ట్రీ మేడం పక్క నుంచి తల దూర్చి, ఒక కన్ను మూసి చూశారు. "నాకు కనిపిస్తోందండీ. బాణం తలకిందులుగా ఉంది." ఆవిడకు ముందుగా ఏ అభిప్రాయమూ లేకపోవడం ఎంత మేలు చేసిందో.

హెచ్‌ఓడీ గారు కూడా చూశారు. "కనిపిస్తోంది. కానీ అది లెన్సులో ఉంది. అద్దంలో కనిపించినట్టే. గాల్లో ఉందని ఎవరన్నారు?"

ఇది మంచి ప్రశ్న. నేనైతే ఇక్కడ తెల్లముఖం వేసేదాన్ని. ఒక కంటితో చూస్తే దూరం తెలియదు. ఆపరేటర్ గారు నవ్వారు. ఆ రోజు మొదటిసారి నవ్వడం అదే.

"అలా అడగాలి సార్." స్టాండులో ఉన్న పిన్ను ఒకటి తెచ్చి, అట్ట ఉన్న చోటే నిలబెట్టి, పిన్ను మొన బాణం మొనకు తాకేలా సర్దారు. "ఇప్పుడు తలని అర అంగుళం అటూ ఇటూ కదపండి. బాణం లెన్సులోనే ఉంటే పిన్ను ఒక వైపు, బాణం ఒక వైపు విడిపోవాలి. దగ్గర వస్తువూ దూరం వస్తువూ అలాగే కదా విడిపోతాయి."

హెచ్‌ఓడీ గారు తల కదిపారు. మళ్లీ కదిపారు. గదిలో ఆయన ఊపిరి వినిపిస్తోంది.

"విడిపోవడం లేదు."

"లెన్సు అంచు చూడండి."

"అది కదులుతోంది. పిన్నూ బాణం కలిసే ఉన్నాయి."

"కలిసి ఉన్నాయంటే ఒకే చోట ఉన్నట్టు సార్."

తర్వాత పిన్ను తీసేసి, ఒక పల్చటి ట్రేసింగ్ కాగితాన్ని అదే చోట, సగం దాకా మాత్రమే అడ్డం పెట్టారు. ఇవతలి నుంచి చూస్తే బాణంలో సగం కాగితం మీద మెత్తగా వెలుగుతోంది. మిగతా సగం, కాగితం అంచు దాటాక, ఏ ఆధారమూ లేకుండా గాల్లో, ఇంకా ప్రకాశంగా వెలుగుతోంది. రెండు సగాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే బాణం. ఎన్నో ఏళ్లుగా ఆప్టిక్స్ చెబుతున్నాను. నేను అది అలా ఎప్పుడూ చూడలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, చీకటి కాబట్టి సరిపోయింది.

"మరి హాల్లో తెర దేనికి?" అని కెమిస్ట్రీ మేడం అడిగారు.

"మీరు రెండంగుళాలు పక్కకి జరగండి మేడం."

ఆవిడ జరిగారు. "పోయింది."

"పోలేదు, మీ కంటికి దాని వెలుగు రావడం లేదు. గాల్లో ఉన్న బొమ్మ దగ్గర కలిసిన వెలుగు నేరుగా ముందుకే పోతుంది. ఆ దారిలో ఎవరి కన్ను ఉంటే వాళ్లకే కనిపిస్తుంది. హాల్లో వెయ్యి మంది ఉంటారు, అందరూ దారిలో కూర్చోలేరు. తెర పెడితే ఆ వెలుగు దానికి తగిలి అన్ని వైపులకీ చెదురుతుంది, మూలన ఉన్న సీటుకి కూడా అందుతుంది. తెర బొమ్మని పుట్టించదు మేడం. వచ్చిన బొమ్మని అందరికీ పంచుతుంది."

చదువు చెప్పడం నా వృత్తి. ఎంత పొగరున్నా మంచి పాఠం వింటే నాకు తెలుస్తుంది. ఆ నాలుగు మాటల్లో ఉన్నది నా ఆరు పేజీల్లో లేదు.

హెచ్‌ఓడీ గారు లైటు వేశారు. చేతిలో ఉన్న మార్కుల షీటును బల్ల మీద పెట్టి, ఇంటూని కొట్టేసి, పక్కన టిక్కు పెట్టి, దాని పక్కన సంతకం చేశారు. మమ్మల్నిద్దరినీ కూడా చేయమన్నారు. ఎనిమిది. తర్వాత ఆపరేటర్ గారికి చెయ్యి ఇచ్చి, "పందొమ్మిదేళ్లు మిమ్మల్ని బీరువా వెనక పెట్టాం" అన్నారు. ఆయన నోటి వెంట క్షమాపణ అంతకంటే దగ్గరగా రావడం నేను వినలేదు. నాకేసి తిరిగి, "కాపీలు పంచకు" అని వెళ్లిపోయారు.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మూడొందల కాపీలూ ముందేసుకుని కూర్చున్నాను. మళ్లీ కొట్టించడానికి వారం పడుతుంది, క్లాసు రేపే. నాలుగో పేజీలో ఆ వాక్యం కొట్టేసి, పైన చేత్తో కొత్తది రాయాలి. పదో కాపీ దగ్గర ఆపరేటర్ గారు వచ్చి, అడగకుండానే ఎదురు కుర్చీలో కూర్చుని, కట్టలో సగం తన వైపు లాక్కున్నారు. కొత్త వాక్యం ఆయన్నే చెప్పమన్నాను. వద్దు వద్దంటూనే చెప్పారు. నిజ ప్రతిబింబం వెలుగు కలిసిన చోట ఉంటుంది, తెర దాన్ని అందరికీ కనిపించేలా చేస్తుంది. ఇద్దరం అదే రాస్తూ పోయాం. ఆయన చేతిరాత నా దాని కంటే గుండ్రంగా ఉంది.

"ఆ రోజు మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. నాకు చాలా సిగ్గుగా ఉంది" అన్నాను.

"మేడం, మీరు అద్దం గురించి రాసింది ఎంత బాగుందో నేను నిజంగానే చెప్పాను. పైపైన అనలేదు."

అది విని ఇంకా సిగ్గేసింది. కాసేపు రాశాం. నా లోపల తొలుస్తున్న ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాను.

"జవాబు ఏం రాసుందో మీకు తెలుసు. ఇదే చివరి ఛాన్సని కూడా తెలుసు. సార్ డార్క్ రూముకి రానంటే అంతా పోయేది. ఒక్క మాట, ఉండదు అనేసి, పోస్టు తెచ్చుకుని, తర్వాత నాతో తీరిగ్గా పోట్లాడొచ్చు కదా?"

ఆయన చేతిలో ఉన్న కాపీలో వాక్యం పూర్తి చేసి, ఆరిందో లేదో వేలితో చూసి, పక్కన పెట్టారు.

"అనుకున్నాను మేడం. రాత్రంతా అదే అనుకున్నాను. కానీ ఉండదు అని చెప్పి పోస్టు తెచ్చుకుంటే, రేపు ఆ పిల్లల ముందు నిలబడి మొట్టమొదటి పాఠం నేను ఏమని చెప్పాలి?"

నేను ఇంకో కాపీ తీసుకున్నాను. నాలుగో పేజీ తెరిచి, ఆ వాక్యం కొట్టేశాను.